పీడీ పెరిటొనైటిస్: మందు సంచిలో ఎందుకు వేస్తాం, కాథెటర్ ఎప్పుడు తీస్తాం (అపోహలు - వాస్తవాలు)

పెరిటోనియల్ డయాలసిస్, అంటే పీడీలో, కడుపులో పెట్టిన కాథెటర్ అనే గొట్టం ద్వారా డయాలసిస్ నీళ్ళు లోపలికి పంపి, కొన్ని గంటలుంచి దింపేస్తారు. ఇలా పీడీ చేసుకుంటున్న 60 కిలోల మనిషిని ఊహించుకుందాం. రోజుకు నాలుగు సార్లు రెండేసి లీటర్ల సంచి మార్చుకుంటాడు. ఒకరోజు పొద్దున్న బయటికొచ్చిన నీళ్ళు బియ్యం కడిగిన నీళ్ళలా ఉన్నాయి. కడుపులో కాస్త నొప్పి ఉంది, జ్వరం లేదు.

అపోహ: జ్వరం లేదు కాబట్టి రెండు రోజులు చూద్దాం.

చూడకూడదు. సంచి మబ్బుగా వస్తే, వేరే కారణం తేలేదాకా దాన్ని పెరిటొనైటిస్‌గానే, అంటే కడుపు లోపలి పెరిటోనియం పొరకు వచ్చిన ఇన్ఫెక్షన్‌గానే చూస్తాం. ఆ సంచిని పారబోయకుండా యూనిట్‌కు తీసుకురావాలి. నీళ్ళు కనీసం రెండు గంటలు కడుపులో ఉండి వచ్చిన శాంపిల్‌లో తెల్లకణాలు మైక్రోలీటరుకు 100 దాటి, వాటిలో సగానికి మించి న్యూట్రోఫిల్స్ ఉంటే, మబ్బు నీళ్ళకు అది తోడై నిర్ధారణ అయినట్టే. మన మనిషికి 2,400 వచ్చాయి, 85 శాతం న్యూట్రోఫిల్స్. కల్చర్‌కు నీళ్ళను బ్లడ్ కల్చర్ బాటిళ్ళలో పంపి, రిపోర్టు కోసం ఆగకుండా మందు మొదలుపెడతాం.

అపోహ: సెలైన్‌లో నరానికి ఎక్కిస్తేనే మందు బలంగా పనిచేస్తుంది.

ఇన్ఫెక్షన్ ఉన్నది పెరిటోనియం పొర మీద. మందును డయాలసిస్ నీళ్ళలో కలిపితే ఆ పొరకే నేరుగా, ఎక్కువ మోతాదులో తగులుతుంది. బీపీ పడిపోయి ఇన్ఫెక్షన్ ఒళ్ళంతా పాకిన లక్షణాలుంటే నరం ద్వారా కూడా ఇస్తాం. అలా లేనప్పుడు సంచే మంచి దారి.

ఏ క్రిమో తెలియదు కాబట్టి గ్రామ్ పాజిటివ్‌కూ గ్రామ్ నెగటివ్‌కూ రెండిటికీ కవర్ ఉండాలి. మన మనిషికి సెఫజోలిన్ కిలోకు 15 మిల్లీగ్రాములు, అంటే 900. దాంతోపాటు సెఫ్టాజిడిమ్ 1 గ్రాము. రెండూ రోజుకు ఒక్క సంచిలోనే. రెండిటికీ వేర్వేరు సిరంజిలు వాడి, సంచి మందు పోర్టును యాంటీసెప్టిక్‌తో బాగా తుడిచాకే సూది గుచ్చాలి.

మందు వేసిన సంచి కనీసం ఆరు గంటలు కడుపులో ఉండాలి. ఇక్కడే చాలామంది తడబడతారు. రెండు గంటలకే నీళ్ళు దింపేస్తే మందులో చాలా భాగం ఆ నీళ్ళతోనే బయటికి పోతుంది. ఆరు గంటలుంటే తగినంత రక్తంలోకి చేరి, మందు వేయని తర్వాతి సంచుల్లోకి మళ్ళీ ఊరుతుంది. అందుకే రాత్రి సంచి అనువైనది. అయితే మొదటి డోసు మాత్రం రాత్రిదాకా ఆగదు, అప్పటికప్పుడే వేసి ఆరు గంటలు ఉంచుతాం.

అపోహ: మందు ప్రతి సంచిలో ఒకే మోతాదులో వెయ్యాలి.

ప్రతి సంచిలో వేసే పద్ధతీ ఉంది, కానీ దాని లెక్క వేరు. ఇవే రెండు మందులకైతే మొదటి సంచిలో లీటరుకు 500 మిల్లీగ్రాములు, ఆ తర్వాత ప్రతి సంచిలో లీటరుకు 125. అంటే రెండు లీటర్ల సంచికి మొదట 1 గ్రాము, తర్వాత 250 మిల్లీగ్రాములు. వాంకోమైసిన్ అయితే రోజూ అక్కర్లేదు. కిలోకు 15 నుంచి 30 మిల్లీగ్రాములు వేసి, రక్తంలో లెవెల్ చూసుకుంటూ సాధారణంగా 5 నుంచి 7 రోజులకు మళ్ళీ వేస్తాం. ఒక మందు లెక్క ఇంకోదానికి పనికిరాదు.

అపోహ: కాథెటర్‌ను ఎలాగైనా కాపాడుకోవాలి, ఇంకో వారం మందు వేసి చూద్దాం.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించే మాట ఇది. మనం కాపాడాల్సింది పెరిటోనియం పొరను, ఆపైన మనిషిని. గొట్టాన్ని మళ్ళీ పెట్టొచ్చు. చీములో నానిన పొర అతుక్కుపోతే పీడీకి మళ్ళీ దారి ఉండకపోవచ్చు.

మన మనిషికి మూడో రోజు కల్చర్‌లో సూడోమోనాస్ అనే గ్రామ్ నెగటివ్ క్రిమి తేలింది. సెఫజోలిన్ ఆపి, సెఫ్టాజిడిమ్‌కు తోడుగా సిప్రోఫ్లోక్సాసిన్ మాత్రలు ఇచ్చాం. వీటిని కాల్షియం మాత్రలతో కలిపి మింగితే ఒంటికి పట్టవు, విడిగా వేసుకోవాలి. కణాలు మూడో రోజు 1,600, ఐదో రోజు 1,450. నొప్పి తగ్గిందని ఆయన అంటున్నా సంచి ఇంకా మబ్బుగానే ఉంది, కొత్తగా జ్వరం వచ్చింది. సరైన మందు పడుతున్నా ఐదు రోజులకు నీళ్ళు తేటపడలేదంటే కాథెటర్ తీసెయ్యాలి. దాని లోపలి గోడకు క్రిములు జిగురు పొర కట్టుకుని కూర్చుంటే మందు అక్కడిదాకా చేరదు.

అదే ఐదో రోజుకు లెక్క 2,400 నుంచి 300కు దిగి, మనిషి తేరుకుంటూ ఉంటే, పూర్తిగా తేటపడలేదని తొందరపడి తియ్యం. ఇంకొన్ని రోజులు దగ్గరగా చూస్తాం. కల్చర్‌లో ఫంగస్ వస్తే మాత్రం ఐదు రోజుల లెక్కే లేదు, తెలిసిన వెంటనే తీసెయ్యాలి.

అపోహ: కాథెటర్ తీశారంటే ఇక జీవితాంతం హీమోడయాలసిసే.

తీశాక మెడ దగ్గర తాత్కాలిక లైన్ పెట్టి హీమోడయాలసిస్ చేస్తూ, యాంటీబయాటిక్ మామూలుగా మరో రెండు వారాలు కొనసాగిస్తాం. కడుపు పూర్తిగా నెమ్మదించాక, కనీసం రెండు వారాలు గడిచాక కొత్త కాథెటర్ పెట్టే ఆలోచన చేస్తాం. అప్పుడు కూడా లోపల అతుకులుంటే కుదరదు. ఆ అతుకులు ఎంత ఉంటాయన్నది పాతదాన్ని తీయడానికి ఎన్ని రోజులు ఆలస్యం చేశామన్నదాని మీద కూడా ఆధారపడుతుంది.