అపోహలు - వాస్తవాలు: మట్టి తేమ చూసే ప్రాజెక్టును పల్లె పెద్దలకు చెప్పేటప్పుడు

విశాఖలో ఒక స్కూల్ ల్యాబ్‌లో పిల్లల చేత ప్రాజెక్టులు చేయించడం నా పని. ఏటా ఫిబ్రవరి 28న, సైన్స్ దినోత్సవం నాడు, ప్రదర్శన పెడతాం. ఊళ్ళోని తల్లిదండ్రులతోపాటు ఆనందపురం, పద్మనాభం, భీమిలి వైపు నుంచి తాతలూ అమ్మమ్మలూ వస్తారు. ప్రతిసారీ ఏదో ఒక బల్ల మీద మట్టి ఎండితే మోటారు వేసే ప్రాజెక్టు ఉంటుంది. దాన్ని చెప్పడంలోనే నేను ఎక్కువ తప్పులు చేయించాను కాబట్టి దాని గురించే రాస్తున్నాను.

అపోహ: ఇంగ్లీషు మాటలకు తెలుగు మాటలు పెడితే చాలు.

సెన్సర్‌ని 'సంవేదకం' అని, మైక్రోకంట్రోలర్‌ని 'సూక్ష్మ నియంత్రిక' అని ఒక ఏడాది అట్టల మీద రాయించాను. చదివినవాళ్ళు మర్యాదగా తల ఊపి పక్క బల్లకు వెళ్ళిపోయారు. మోటారు, స్టార్టర్, ఫేజు, వైండింగ్ లాంటి మాటలు మనకంటే రైతులే ఎక్కువ వాడతారు. చిక్కు మాటల్లో లేదు. ఏది జరిగితే ఏది జరుగుతుందో మనం వరసగా చెప్పకపోవడంలో ఉంది.

ఇప్పుడు మా పిల్లలు చెప్పేది ఇలా ఉంటుంది: "తడి చేత్తో స్విచ్ వేయొద్దంటారు కదండీ, తడి ఉంటే కరెంటు సులువుగా పోతుందని. ఈ రెండు చువ్వల మధ్య మట్టి తడిగా ఉంటే కరెంటు బాగా పోతుంది, ఎండిపోతే బాగా తగ్గిపోతుంది. తగ్గిందని ఈ బోర్డు చూసి మోటారు వేస్తుంది." అంతే. ఆ వెంటనే, ఎవరూ అడగకముందే, "ఇందులో ఉన్నది మూడు సెల్లుల టార్చిలైటులో ఉన్నంత కరెంటే, షాక్ కొట్టదు" అని కూడా చెప్పాలి. లేకపోతే ఆడవాళ్ళు బల్లకు రెండడుగుల దూరంలోనే నిలబడిపోతారు.

అపోహ: 'ఇది మెదడు లాంటిది' అంటే ఎవరికైనా అర్థమవుతుంది.

అర్థమవుతుంది, కాకపోతే తప్పుగా. మెదడు అనగానే ఒకాయన "రేపు వానొస్తాదంటే ఈ రోజు నీళ్ళు ఆపేస్తాదా?" అని అడిగాడు. ఆ పిల్లాడి దగ్గర జవాబు లేదు. ఆ బోర్డుకు వానా తెలీదు, మొక్కా తెలీదు. చువ్వల మధ్య కరెంటు ఎంత పోతోందన్నది ఒక్కటే తెలుసు.

పోలిక తేవాలంటే వాళ్ళింట్లో ఇప్పటికే ఉన్నదాన్ని తేవాలి. రైతులకైతే బోరు దగ్గరి ఆటో స్టార్టర్. "మీ ఆటో స్టార్టర్ కరెంటు వచ్చిందా అని చూసి మోటారు వేస్తుంది. ఇది మట్టి ఎండిందా అని చూసి వేస్తుంది." మధురవాడ అపార్ట్‌మెంట్ల నుంచి వచ్చినవాళ్ళకైతే ట్యాంకు నిండగానే మోటారు ఆపే పెట్టె. తెలిసిన వస్తువుకూ దీనికీ తేడా ఒక్కటే ఉండాలి. రెండు తేడాలు చెప్తే వినేవాళ్ళ ముఖంలోనే తెలిసిపోతుంది.

అపోహ: స్క్రీన్ మీద అంకెలు పెడితే నమ్మకం కుదురుతుంది.

మేం వాడే చువ్వల సెన్సర్‌లో అంకె తలకిందులుగా వస్తుంది. ఎండు మట్టిలో 900 దాటి చూపిస్తుంది, నీళ్ళు పోస్తే 400 దగ్గరికి దిగిపోతుంది. ఒక తల్లి అది చూసి "నీళ్ళు పోస్తుంటే తేమ తగ్గుతోందేంటమ్మా?" అంది. ఆమె అడిగినదాంట్లో తప్పేమీ లేదు. దాన్ని తిప్పడానికి కోడ్‌లో ఒక వరుస చాలు:

```
int tema = map(reading, 950, 400, 0, 100);
```

అలా తిప్పాం. అప్పుడు '62' అని వచ్చింది. "దేంట్లో 62?" అని ఇంకొకాయన. నిజమే, అది మా తొట్టెలో మట్టికి మేం పెట్టుకున్న కొలత తప్ప పొలం తేమ శాతం కాదు. చివరికి అంకెలు తీసేసి రెండు బల్బులు పెట్టాం. ఎండితే ఎర్రది, తడిగా ఉంటే పచ్చది. అంకెలు కావాలన్న జడ్జీలకు లాప్‌టాప్ పక్కనే ఉంది.

అపోహ: పనిచేస్తోందని ఒకసారి చూపిస్తే చాలు.

మొదటి ఏడాది నా పరువు పోయింది ఇక్కడే. మొక్క ఉన్న కుండీలో చువ్వలు గుచ్చి, పైపు కూడా అందులోకే పెట్టాం. మొదటి ముగ్గురికి అద్భుతంగా పనిచేసింది. ఆ తర్వాత మట్టి తడిసి ముద్దయిపోయింది, సాయంత్రం దాకా మోటారు తిరగలేదు. యంత్రం సరిగ్గానే పనిచేస్తోందని, అందుకే ఆగిందని పాపం ఆ పిల్లలు అరిచి చెప్తూనే ఉన్నారు.

ఇప్పుడు కుండీ లేదు. రెండు స్టీలు గ్లాసులు పెడతాం, ఒకదాంట్లో ఎండు మట్టి, ఇంకోదాంట్లో తడి మట్టి. (పెరటి మట్టే. ఎర్రమట్టి దిబ్బల నుంచి తెస్తామన్న ఉత్సాహవంతులను ఆపాల్సి వచ్చింది.) పైపు కొస మళ్ళీ నీళ్ళ బకెట్‌లోనే పడుతుంది కాబట్టి ఎన్నిసార్లయినా చూపించొచ్చు. ముందు వచ్చినవాళ్ళను రెండు గ్లాసుల్లోంచీ చిటికెడు మట్టి తీసి పిసికి చూడమంటాం. ముద్దయ్యేది ఏదో, రాలిపోయేది ఏదో వాళ్ళ వేళ్ళే చెప్తాయి. తర్వాత చువ్వలు వాళ్ళ చేతికే ఇస్తాం. ఎండు మట్టిలో గుచ్చగానే, బోర్డు చెప్పినట్టు మోటారుకు స్విచ్ వేసే రిలే 'టక్' మంటుంది, నీళ్ళు వస్తాయి. తడి మట్టిలోకి మార్చగానే ఆగుతాయి. మళ్ళీ ఎండు గ్లాసులో పెట్టేముందు చువ్వలను గుడ్డతో తుడవాలి. మరిచిపోతే అంటుకున్న తడిమట్టిని చూసి మోటారు తిరగదు.

అపోహ: లోటుపాట్లు వాళ్ళకు చెప్పక్కర్లేదు, అంత లోతుగా అడగరు.

పద్మనాభం నుంచి వచ్చిన ఒక తాత, మనవరాలి బల్ల దగ్గర కూరగాయల మడి గురించి మాట్లాడుతూ మాట్లాడుతూ చువ్వలు పైకి లాగేశాడు. మోటారు తిరగడం మొదలెట్టింది. "ఇదేటమ్మా, గొడ్డు కాలు తగిలి చువ్వ పైకి లేచిపోయిందనుకో, మడంతా ములిగిపోద్ది కదా?"

ఎనిమిదో తరగతి పిల్ల. ఒక్క క్షణం నా వైపు చూసింది. నేను పలకలేదు. "అవును తాతా, మునిగిపోతుంది. గాలిలో ఉన్నా, ఎండు మట్టిలో ఉన్నా దీనికి తేడా తెలీదు" అంది. జడ్జీలెవరూ అడగని ప్రశ్న అది. ఆ వారమే కోడ్ మార్చింది. మోటారు వేసిన పది సెకన్లలో తడి కనిపించకపోతే దానంతటదే ఆగిపోయి ఎర్రబల్బు మిణుకుతుంది. బొమ్మకు పది సెకన్లు చాలు. పొలంలో అయితే ఎంతసేపు పెట్టాలో ఆ మడి పారే సమయం తెలిసినవాళ్ళే చెప్పాలని తాతనే అడగమన్నాను.

ఇంకో రెండు పరిమితులు పిల్లలకు నోటికి రావాలి. చవుడు నేలలో ఉప్పు వల్ల కాస్త తేమకే కరెంటు బాగా పోతుంది కాబట్టి మట్టి ఎండుతున్నా ఇది తడి అనుకుంటుంది. భీమిలి తీరం వైపు నుంచి వచ్చినవాళ్ళు ఇది అడుగుతారు. రెండోది, "మా ఐదు హెచ్.పి. మోటారుకు తగిలించొచ్చా?" ఈ చిన్న నీలం రిలేకు నేరుగా తగిలిస్తే కాలిపోతుంది. అది స్టార్టర్‌కు సంకేతం ఇవ్వాలి, మోటారును స్టార్టరే వేయాలి, ఆ వైరింగు ఎలక్ట్రీషియన్ చేయాలి.

ఆ తాత వెళ్తూ వెళ్తూ మళ్ళీ ఆగి, కరెంటు పోయి వస్తే ఏమవుతుందని అడిగాడు. బోర్డు మొదటి నుంచి మొదలై మళ్ళీ మట్టి చూస్తుందని పిల్ల చెప్పింది. ఆయన నమ్మలేదు. ప్లగ్గు తీసి, మళ్ళీ పెట్టి చూసుకుని వెళ్ళాడు.