"మా మధ్య ఏమీ జరగలేదు కదా" అంటే సరిపోతుందా? అపోహలు - వాస్తవాలు

దంపతులకు కౌన్సెలింగ్ చేసే నాకు, ఆఫీసులో మొదలైన "మంచి స్నేహం" ఇంట్లో బయటపడ్డాక వచ్చే జంటలు కొత్త కాదు. ఎక్కువగా వినే అపోహలు ఇవీ.

అపోహ: శారీరక సంబంధం లేదు కాబట్టి పెద్ద విషయం కాదు.

చాలామందిని కుంగదీసేది దాచడం. స్నేహమే అయితే చాట్ డిలీట్ చేయాల్సిన పనేముంది? ఇంట్లో గొడవలు, నిద్ర పట్టని రాత్రుల సంగతులు భార్యకో భర్తకో చెప్పకుండా అక్కడ చెప్పుకున్నారని తెలిస్తే, తాకారా లేదా అన్నది రెండో ప్రశ్న అయిపోతుంది.

అపోహ: ఉద్యోగం మానేస్తే తప్ప నమ్మకం తిరిగి రాదు.

మానేయగలిగితే, కనీసం టీమ్ మారగలిగితే దారి సులువవుతుంది, కాదనను. కుదరనివాళ్ల సంగతేంటి? ఒక జంట విషయం చెప్తాను, గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను. భర్తా ఆ సహోద్యోగినీ ఒకే ప్రాజెక్టులో ఉన్నారు. "ఇకపై పని విషయాలు తప్ప ఏమీ మాట్లాడుకోవద్దు" అని అతను పంపిన మెసేజ్‌ని పంపకముందే భార్య చదివింది. పని మాటలు గ్రూపులోనో ఆఫీసు మెయిల్‌లోనో మాత్రమే, కలిసి భోజనాలు, కారు ప్రయాణాలు బంద్. అనుకోకుండా ఎదురుపడితే, భార్య అడగకముందే ఆ సాయంత్రమే చెప్పాలి. ఒకరోజు అతను "లిఫ్ట్‌లో కనిపించింది, బాగున్నావా అంది, ఊఁ అని దిగిపోయాను" అన్నాడు. ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు, అయినా తర్వాతి సెషన్‌లో "మొదటిసారి నేను లాగకుండా ఒక మాట బయటికొచ్చింది" అంది. నమ్మకం తిరిగి వచ్చేది ఇలాంటి చోటే, అదీ చాలా నెమ్మదిగా.

అపోహ: ఫోన్ పాస్‌వర్డ్ ఇచ్చేస్తే చాలు.

మొదటి నెలల్లో అది టెన్షన్ తగ్గిస్తుంది, కానీ ఫోన్‌లో మిగిలి ఉన్నదే కనిపిస్తుంది. అసలు నష్టం నిజాన్ని వాయిదాల మీద చెప్పడం వల్ల జరుగుతుంది. వారానికో కొత్త సంగతి బయటపడితే అప్పటిదాకా కుదుటపడిందంతా మళ్లీ మొదటికొస్తుంది. అందుకే ఎప్పుడు మొదలైంది, ఎక్కడ కలిసేవారు, నా గురించి ఏం చెప్పావు, ఇంకెవరికి తెలుసు, ఇవన్నీ ఒకేసారి కూర్చుని, వీలైతే కౌన్సెలర్ ముందు చెప్పించమంటాను. "ఆమె నాకంటే అందంగా ఉంటుందా" లాంటి ప్రశ్నకు మాత్రం ఏ జవాబొచ్చినా గాయమే.

అపోహ: కాలమే మాన్పుతుంది.

ఊరికే గడిచిన కాలం ఏమీ మాన్పదు. నేను చూసేది వేరు: దాచినవాళ్లు "నేను దాచాను" అని ఆగగలుగుతున్నారా, లేక వెంటనే "నువ్వు పట్టించుకోలేదు కాబట్టి" అని తగిలిస్తున్నారా? కాపురంలో లోపాలు ఉండొచ్చు, వాటి గురించి మాట్లాడాలి కూడా, కానీ తర్వాత. నెలలు గడిచినా కథ మారుతూనే ఉంటే, సహోద్యోగినే వెనకేసుకొస్తుంటే, ఏడుపొచ్చిన ప్రతిసారీ "ఇంకా ఎన్నాళ్లు" అంటుంటే, నాకు ఆశ కనిపించడం లేదని ఆ జంటకు నేరుగా చెప్పేస్తాను. బయటపడిన మొదటి వారాల్లో మాత్రం ఉండాలా విడిపోవాలా తేల్చమని ఎవరినీ తొందరపెట్టను.