పొట్టివాళ్లకు ఆయుష్షు ఎక్కువా? ఈక్వెడార్‌లో తేలింది ఏమిటి

పొట్టివాళ్లు ఎక్కువ కాలం బతుకుతారన్న ఆలోచనకు గట్టి ఊతం ఇచ్చినవి చిట్టెలుకలు. పుట్టుకతోనే గ్రోత్ హార్మోన్ తయారు కాని 'ఏమ్స్' జాతి మరుగుజ్జు ఎలుకలు మామూలు ఎలుకల కంటే చాలా ఎక్కువ కాలం బతుకుతున్నాయని 1996లో హాలీ బ్రౌన్-బోర్గ్, ఆండ్రే బార్ట్‌కే బృందం ప్రకటించింది. మగవాటి ఆయుష్షు దాదాపు ఒకటిన్నర రెట్లు అయింది. ఆడవి ఇంకా ఎక్కువే బతికాయి.

దీని వెనుక ఉన్న సంకేతాల దారి మనలోనూ ఉంది. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి గ్రోత్ హార్మోన్‌ను విడుదల చేస్తుంది. కాలేయ కణాల మీద దానికోసమే ఉన్న గ్రాహకాలు దాన్ని అందుకుంటాయి. అప్పుడు కాలేయం ఐజీఎఫ్-1 అనే మరో హార్మోన్‌ను రక్తంలోకి వదులుతుంది. పిల్లల ఎముకలు పొడవు పెరగడంలో దీనిది పెద్ద పాత్ర. అయితే ఎత్తు పెరగడం ఆగిపోయాక కూడా ఈ సంకేతం ఆగదు. 'పెరుగు, విభజన చెందు' అని కణాలకు చెబుతూనే ఉంటుంది. ఈ సంకేతం బలంగా ఉన్నంతసేపూ కణాలు తమలోని పాడైన భాగాలను శుభ్రం చేసుకునే పని తగ్గిస్తాయి. మరమ్మతు జన్యువులను మేల్కొలిపే ఫాక్సో ప్రోటీన్లు కేంద్రకంలోకి వెళ్లలేకపోతాయి. అందువల్ల ఈ సంకేతం తగ్గితే ఆయుష్షు పెరగవచ్చన్న ఊహకు ఆధారం ఏర్పడింది.

మరి మనుషుల మాటేమిటి? దాన్ని పరిశీలించే అవకాశం దక్షిణ ఈక్వెడార్‌లోని కొండ పల్లెల్లో దొరికింది. 1966లో ఇజ్రాయెల్ వైద్యుడు జ్వీ లారన్ వర్ణించిన ఒక అరుదైన జన్యులోపం అక్కడ దాదాపు వంద మందిలో ఉంది. వీరి ఒంట్లో గ్రోత్ హార్మోన్‌కు కొరత లేదు. దాన్ని అందుకోవలసిన గ్రాహకమే పనిచేయదు. కాబట్టి ఐజీఎఫ్-1 చాలా తక్కువగా ఉంటుంది, పెద్దయ్యాక కూడా ఎత్తు నాలుగు అడుగులకు అటూఇటూ ఆగిపోతుంది. ఈక్వెడార్ వైద్యుడు హైమే గెవారా-అగీరే వీరిని ఏళ్ల తరబడి దగ్గరుండి చూశారు. వాల్టర్ లోంగోతో కలిసి 2011లో ఆయన ఫలితాలు ప్రచురించారు.

22 ఏళ్లు గమనించిన 99 మందిలో ఒక్కరికే క్యాన్సర్ వచ్చింది, అదీ ప్రాణాంతకం కాలేదు. మధుమేహం ఒక్కరికీ రాలేదు. అదే ఇళ్లలో మామూలు ఎత్తుతో పెరిగిన బంధువుల్లో సుమారు 17 శాతం మందికి క్యాన్సర్, 5 శాతం మందికి మధుమేహం కనిపించాయి. లారన్ బాధితుల్లో స్థూలకాయం ఎక్కువని గుర్తుంచుకుంటే మధుమేహం లేకపోవడం ఎంత విచిత్రమో అర్థమవుతుంది. పరిశోధకులు వీరి రక్తద్రవంలో మామూలు మానవ కణాలను పెంచి, డీఎన్ఏను దెబ్బతీసే రసాయనం కలిపారు. కణాల డీఎన్ఏ తక్కువగా చెడిపోయింది. బాగా చెడిపోయిన కణాలు తమంతట తామే చనిపోయాయి. అదే ద్రవానికి ఐజీఎఫ్-1 చేర్చితే ఈ రక్షణ పోయింది. కారణం ఎక్కడుందో ఇంత సూటిగా చూపే ప్రయోగాలు ఈ రంగంలో అరుదు.

అయినా వీరు బంధువుల కంటే ఎక్కువ కాలం బతకలేదు. ప్రమాదాలు, మూర్ఛలు, మద్యం వల్ల వచ్చే జబ్బులు ఎక్కువ మందిని తీసుకుపోయాయి. గుండె జబ్బుల నుంచి రక్షణ కూడా కనిపించలేదు. ఎలుకలకూ మనకూ తేడా ఇక్కడే ఉంది. ప్రయోగశాలలోని ఎలుకల్లో ఎక్కువ భాగం ముసలితనంలో కణుతులతోనే చనిపోతాయి. క్యాన్సర్‌ను అడ్డుకుంటే వాటి ఆయుష్షు ఒక్కసారిగా సాగుతుంది. మనుషుల్లో గుండె, రక్తనాళాల జబ్బులకు ఆ స్థానం దక్కింది.

మామూలు జనంలోనూ ఈ రెండు ముఖాలూ కనబడతాయి. పది లక్షల మందికి పైగా వివరాలను కలిపి చూసిన 2012 నాటి అధ్యయనంలో పొడవు పెరిగే కొద్దీ క్యాన్సర్ మరణాలు కొంచెం పెరిగాయి, గుండె జబ్బుల మరణాలు తగ్గాయి. హోనొలులులోని జపాన్ సంతతి పురుషుల్లో మాత్రం పొట్టివాళ్లే ఎక్కువ కాలం బతికారని 2014లో తేలింది. ఒకే జనాభాలో, ఒకే తరం పురుషుల్లో దొరికిన ఆ ఫలితాన్ని అందరికీ వర్తించే సూత్రంగా చెప్పడం నాకు సమ్మతం కాదు.

ఎందుకంటే ఎత్తు ఒకే కారణంతో తేలేది కాదు. జన్యువుల వల్ల ఐజీఎఫ్-1 సంకేతం నెమ్మదిగా ఉండి పొట్టిగా ఉన్న మనిషి వేరు, బాల్యంలో తిండి చాలక, జబ్బులు విడవక ఎదుగుదల ఆగిపోయిన మనిషి వేరు. కొలబద్దకు ఇద్దరూ ఒకటే. రెండోవారికి పెద్దయ్యాక గుండె, ఊపిరితిత్తుల జబ్బుల ముప్పు ఎక్కువ. పిల్లల పోషణ తగ్గినా పరవాలేదని వాదించడానికి ఈ పరిశోధనలో ఏ ఆధారమూ లేదు.