అపార్ట్‌మెంట్‌లో వారానికోసారి కూరగాయల స్టాల్: అనుమతి లెటర్ గురించి అపోహలు - వాస్తవాలు

మాది చేవెళ్ల వైపు ఊరు. మా పొలంలో పండినవీ, చుట్టుపక్కల రైతుల దగ్గర కొన్నవీ కలిపి ఆరేళ్లుగా హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో వారానికో రోజు స్టాల్ పెడుతున్నాను. ఇప్పుడు నాలుగు చోట్ల నడుస్తోంది. కొత్తగా మొదలుపెట్టే వాళ్లు నన్ను ముందు అడిగేది కూరగాయల గురించి కాదు, "అక్కా, కమిటీకి లెటర్ ఎట్లా రాయాలి?" అని. వాళ్లు రాసి తెచ్చిన లెటర్లు చూస్తే, నేను మొదట్లో చేసిన తప్పులే మళ్లీ కనిపిస్తాయి.

అపోహ: సెక్రటరీ తెలిసినాయనైతే చాలు, లెటర్ ఎందుకు?

నోటిమాట మీద నేనూ ఒకచోట మొదలుపెట్టాను. ఎనిమిది నెలలు బాగానే నడిచింది. తర్వాత వాళ్ల జనరల్ బాడీ మీటింగ్‌లో కొత్త కమిటీ వచ్చింది. ఆ వారం మా ట్రాలీ ఆటోను గేటు దగ్గరే ఆపేశారు. "మాకేం చెప్పలేదమ్మా" అన్నాడు వాచ్‌మన్, ఆయన తప్పేం లేదు. అప్పటికే పాలకూర, కొత్తిమీర కట్టలు తడిపి తెచ్చాం. గంటన్నర ఎండలో నిలబడితే సగం వాడిపోయాయి.

తెలంగాణలో చాలా అపార్ట్‌మెంట్ సంఘాలు 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద, కొన్ని మ్యాక్స్ చట్టం అని పిలిచే 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద నమోదై ఉంటాయి. ఏ చట్టం కింద ఉన్నా కమిటీ నిర్ణయం మినిట్స్ పుస్తకంలోకి ఎక్కితేనే తర్వాతి కమిటీ దాన్ని చూస్తుంది. మినిట్స్‌లోకి ఎక్కాలంటే చదవడానికి ఒక కాగితం ఉండాలి. అందుకే లెటర్ రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకటి ఆఫీసులో ఇచ్చి, రెండోదాని మీద తేదీతో ముట్టినట్టు సంతకం తీసుకోండి.

అపోహ: తాజా సరుకు, తక్కువ ధర అని రాస్తే ఒప్పుకుంటారు

ఎక్కువ లెటర్లు ఇక్కడే ఆగిపోతాయి. మణికొండ వైపు 220 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌కు నేను ఇచ్చిన మొదటి లెటర్ ఇది:

"అయ్యా, మేము పొలం నుంచి నేరుగా తాజా కూరగాయలు తెచ్చి మార్కెట్ కంటే తక్కువ ధరకు అమ్ముతాము. మీ కాంపౌండ్‌లో వారానికి ఒకరోజు స్టాల్ పెట్టుకునేందుకు దయచేసి అనుమతి ఇవ్వగలరని ప్రార్థన."

మూడు వారాలు జవాబు రాలేదు. వెళ్లి అడిగితే సెక్రటరీ గారు కూర్చోబెట్టి చెప్పారు: "చూడమ్మా, నీ కూరగాయలు మంచివే అయ్యుంటాయి. కానీ రేపు బీ బ్లాక్ ఆయనొచ్చి 'నా పార్కింగ్ ముందు ఈ బుట్టలేంటి' అంటే నేనేం చెప్పాలి? నీ లెటర్‌లో దానికి జవాబు లేదు."

ఆ మాటతో నాకు విషయం అర్థమైంది. కూరగాయలు బాగున్నాయో లేదో కొనేవాళ్లు చూసుకుంటారు. కమిటీ చూసేది కాంపౌండ్‌ను. దారి, చెత్త, బయటి మనుషులు, పిల్లలు ఆడుకునే చోటు, ఎవరైనా ఫిర్యాదు చేస్తే ఆపే వీలు, ఇవే వాళ్ల తలనొప్పులు. సెక్రటరీకి జీతం ఉండదు. ఆఫీసు నుంచి వచ్చాక రాత్రి తొమ్మిదింటికి గ్రూపులో వచ్చే గొడవకు జవాబు చెప్పుకోవాల్సింది ఆయనే. ఆయన నలుగురి ముందు చదివి వినిపించగలిగేలా లెటర్ ఉండాలి.

రెండోసారి రాసేముందు వరసగా రెండు సాయంత్రాలు ఆ కాంపౌండ్ బయట నిలబడి చూశాను. స్కూలు బస్సులు నాలుగున్నర దాకా వస్తున్నాయి. ఆరున్నర నుంచి కార్లు మొదలై ఏడున్నరకు ఎక్కువవుతున్నాయి. వాళ్లు ముందు చూపించిన చోటు రెండు బ్లాకుల మధ్య దారి. ఎత్తైన భవనాల చుట్టూ వదిలే ఖాళీ ఫైరింజన్ తిరగడానికి, అక్కడ క్రేట్లు పెడితే రేపు ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు, చెప్పాలి కూడా. గేటు లోపల ఎడమవైపు, క్లబ్‌హౌస్ గోడ పక్కన ఒక చోటు ఉంది. అడుగులతో కొలిస్తే పన్నెండు పొడవు, ఆరు వెడల్పు వచ్చింది. లెటర్ ఇలా మారింది:

"కార్యదర్శి గారికి,
విషయం: ప్రతి బుధవారం సాయంత్రం కూరగాయల స్టాల్‌కు నాలుగు వారాల ట్రయల్ అనుమతి కోసం.

స్థలం: క్లబ్‌హౌస్ గోడ పక్కన 12 అడుగులు × 6 అడుగులు. దారిలోకి ఏదీ రాదు. స్కెచ్ జత చేశాను.
సమయం: 4:45కు సరుకు దింపి ఆటో బయటికి పంపిస్తాం. 5 నుంచి 7:30 వరకు అమ్మకం. 8 గంటలకల్లా ఖాళీ చేస్తాం.
మనుషులు: నేను, ఒక సహాయకురాలు. ఇద్దరి ఆధార్ కాపీలు, ఆటో నంబరు జత చేశాను. బ్లాకుల్లోకి, లిఫ్టుల్లోకి వెళ్లం.
చెత్త: కింద టార్పాలిన్ పరుస్తాం. ఆకులు, వేళ్లు, పొట్టు అంతా మా సంచిలోనే తీసుకెళ్తాం. మీ డబ్బాల్లో వేయం.
కరెంటు: అక్కర్లేదు. చార్జింగ్ లైటు మాదే.
తూకం: తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న ఎలక్ట్రానిక్ కాటా. సర్టిఫికెట్ కాపీ జత చేశాను.
నిలిపివేత: ఎప్పుడైనా కమిటీ ఒక్క మెసేజ్ పెడితే ఆ వారం నుంచే రాము."

అంతే. ఒక పేజీ. ధర గురించి ఒక్క మాట లేదు. పది రోజుల్లో పిలిచారు.

చివరి వాక్యం రాయడానికి చాలామంది భయపడతారు, "మనమే ఆపేయమని చెప్పినట్టవుతుంది కదా" అని. కమిటీని వెనక్కి లాగేది ఒకసారి లోపలికొచ్చిన వాళ్లను బయటికి పంపడం కష్టమన్న టెన్షన్. ఆ వాక్యం దాన్ని తీసేస్తుంది. ఆరేళ్లలో నాకు ఆ మెసేజ్ ఒక్కసారే వచ్చింది, అదీ వాళ్ల డ్రైనేజీ పనుల కోసం రెండు వారాలు.

ధర సంగతి లెటర్‌లో ఎందుకు వద్దంటున్నానంటే, "మార్కెట్ కంటే తక్కువ" అని కాగితం మీద రాశాక, టమాటా రేటు పెరిగిన వారం ఎవరో ఒకరు రైతుబజార్ బోర్డు ఫోటో తీసి కమిటీకి పంపిస్తారు. అప్పుడు మీరు మాట తప్పినట్టవుతుంది. దానికి బదులు ధరల పలక స్టాల్ ముందు పెట్టండి.

అపోహ: లైసెన్స్ ఉంటే అనుమతి ఇచ్చి తీరాలి

ఇవ్వాల్సిన పని లేదు. 2014 వీధి వ్యాపారుల చట్టం కింద వచ్చిన సర్టిఫికెట్ చూపించి కాంపౌండ్‌లో చోటు అడిగిన వాళ్లను చూశాను. కాంపౌండ్ ఫ్లాట్ల యజమానులందరి ఉమ్మడి స్థలం. లోపలికి రానివ్వాలా వద్దా అన్నది వాళ్ల సంఘం ఇష్టం.

అలాగని కాగితాలు వద్దని కాదు, అవి నమ్మకం కోసం. తన పొలంలో పండిన కూరగాయలను రైతే అమ్ముకుంటే ఆ పంట ఆహార భద్రత చట్టం పరిధిలోకి రాదు. ఇంకొకరి దగ్గర కొని అమ్మితే వస్తుంది. నేను రెండూ చేస్తాను కాబట్టి రిజిస్ట్రేషన్ తీసుకున్నాను. 14 అంకెల నంబరు వస్తుంది, దాన్ని లెటర్ కింద రాస్తాను. ఎలక్ట్రానిక్ కాటాకు ఏడాదికోసారి మళ్లీ ముద్ర వేయించాలి. పాత తేదీ ఉన్న సర్టిఫికెట్ జత చేయకండి. కమిటీలో బ్యాంకు ఉద్యోగం చేసిన పెద్దాయన ఒకరు ఉంటే ఆయన ముందు చూసేది ఆ తేదీనే.

అపోహ: అద్దె ఎక్కువ ఇస్తామంటే పని త్వరగా అవుతుంది

ఒక్కోసారి ఆలస్యమవుతుంది. సభ్యుల నుంచి వచ్చే మెయింటెనెన్స్ లెక్క వేరు, బయటివాళ్లు ఇచ్చే డబ్బు వేరు. బయటి నుంచి వచ్చిన ఆదాయానికి మెయింటెనెన్స్‌కు ఉన్న పన్ను వెసులుబాటు వర్తించదు. అందుకే కొందరు కోశాధికారులు అసలు డబ్బే వద్దంటారు. వాళ్లు అడగకముందే మీరు రేటు చెప్పకండి. అడిగితే మాత్రం "రసీదు ఇచ్చే పద్ధతిలో ఎంత చెబితే అంత మాట్లాడుకుందాం" అని రాయండి. వాచ్‌మన్ చేతిలో డబ్బు పెట్టడం మొదలుపెట్టారంటే, అది తెలిసిన రోజే మీ స్టాల్ పోతుంది, పాపం ఆయన ఉద్యోగం కూడా.

రేటు ఒప్పుకునే ముందు లెక్క వేసుకోండి. మాకు ఒక మంచి బుధవారం 12,000 రూపాయల అమ్మకం అవుతుంది. సరుకుకు 8,400, ఆటోకు 1,300, సహాయకురాలికి 700, మిగిలిపోయి పాడయ్యేది 600. చేతికి వచ్చేది వెయ్యి. అందులో 500 అద్దె ఇస్తే సగం పోయినట్టే. వానపడి జనం దిగని రోజు ఆ అద్దె మన జేబులోంచే కట్టాలి.

అపోహ: సంతకాలు ఎన్ని ఎక్కువుంటే అంత బలం

లెటర్‌తో 60 సంతకాలు పెట్టినా, వాటిలో ఎక్కువ అద్దెకుండే వాళ్లవైతే కమిటీ పక్కన పెట్టే అవకాశం ఉంది. చాలా సంఘాల్లో ఓటు యజమానులకే. ఫ్లాట్ నంబరుతో పదిమంది యజమానుల పేర్లు చాలు. వాళ్లలో స్టాల్ పెట్టే చోటుకు ఎదురుగా ఉండే గ్రౌండ్ ఫ్లోర్ వాళ్లు తప్పకుండా ఉండాలి.

అపోహ: స్నాక్స్ స్టాల్‌కూ ఇదే లెటర్ పనికొస్తుంది

మా చెల్లెలు మిర్చి బజ్జీ, సర్వపిండి అమ్ముతుంది. నా లెటర్‌లో కూరగాయలు తీసేసి బజ్జీలు అని పెట్టి ఇస్తే రెండు చోట్ల కాదన్నారు. కారణం పొయ్యి. గ్యాస్ గాలికంటే బరువు, లీకైతే పైకి పోకుండా నేలబారున పాకి సెల్లార్‌లోకి దిగి అక్కడే నిలుస్తుంది. కింద కార్లు, కరెంటు ప్యానెళ్లు ఉంటాయి. కమిటీ భయపడటం న్యాయమే.

ఇప్పుడు ఆమె లెటర్‌లో మొదటి వాక్యమే "కాంపౌండ్‌లో పొయ్యి వెలిగించం". సర్వపిండి, సకినాలు, గారెలు ఇంట్లో చేసి మూత డబ్బాల్లో తెస్తుంది. బజ్జీ చల్లారితే బాగుండదు, అందుకని దాన్ని వదిలేసింది. అమ్మకం కొంత తగ్గింది, కానీ మూడు చోట్ల అనుమతి దొరికింది. ఆమె ఇంకో రెండు విషయాలు కూడా రాస్తుంది: రిజిస్ట్రేషన్ నంబరు, న్యూస్‌పేపర్‌లో కట్టివ్వకపోవడం. పేపర్ మీది సిరా నూనెతో కలిసి తిండిలోకి దిగుతుందని తల్లులకు తెలుసు, వాళ్లు అదే చూస్తారు.

ట్రయల్ నాలుగో వారం కాగానే ఊరుకోకండి. మరుసటి రోజే రెండో లెటర్ ఇవ్వాలి. అందులో నాలుగు వారాల్లో వచ్చిన ఫిర్యాదులు, వాటికి ఏం చేశారో రాయండి. మణికొండలో నాకు ఒకే ఫిర్యాదు వచ్చింది. రెండో బుధవారం టార్పాలిన్ కింద నుంచి నీళ్లు కారి టైల్స్ మీద ఒక పెద్దావిడ జారబోయారు. మూడో వారం నుంచి ఆకుకూరలు ఇంటి దగ్గరే తడిపి, నీళ్లు వడిచాకే క్రేట్లో పెట్టి తెచ్చాం. అది ఉన్నదున్నట్టు రాసి, ఏడాది అనుమతి అడిగాను. మీటింగ్‌లో ఆ పెద్దావిడే లేచి "ఇప్పుడు తడి లేదు, రానివ్వండి" అన్నారట.