ఆధార్‌లో పద్దెనిమిది దాటితే జైలేనా? జువైనల్ కేసులపై అపోహలు - వాస్తవాలు

"మావాడికి పద్దెనిమిది నిండాయండీ, ఇక జువైనల్ కిందికి రాడట" అంటూ ఏడుస్తూ వస్తారు తల్లిదండ్రులు. పదో తరగతి మెమో ఏదమ్మా అంటే ఆధార్ కార్డు తీస్తారు. జువైనల్ బోర్డులో వకీలుగా నేను రోజూ చూసేది ఇదే. పిల్లలకు అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేదీ ఇదే.

చూడాల్సింది నేరం జరిగిన రోజు వయసు. పట్టుకున్న రోజుది కాదు, తీర్పు రోజుదీ కాదు. 2015 జువైనల్ జస్టిస్ చట్టం 94వ సెక్షన్ ప్రకారం ముందు చూసేది స్కూలు ఇచ్చిన పుట్టినతేదీ సర్టిఫికెట్ లేదా పదో తరగతి మెమో. అవి లేకపోతే మున్సిపాలిటీ, పంచాయతీ ఇచ్చే జనన ధ్రువపత్రం. ఇవేవీ లేనప్పుడే ఎముకల పరీక్ష. ఆధార్ ఈ వరుసలోనే లేదు. అది పుట్టినతేదీకి రుజువు కాదని 2024లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

ఓ బైకు దొంగతనం కేసు చెప్తాను. 2024 మే నెలలో ఇద్దరు పెద్దవాళ్లతో పాటు ఓ కుర్రాడిని పట్టుకున్నారు. ఆధార్‌లో తేదీ 01-01-2006. నమోదు చేసినప్పుడు తేదీ తెలియక జనవరి ఒకటి వేయించినవాళ్లు మన ఊళ్లలో బోలెడుమంది. ఆ లెక్కన పద్దెనిమిదేళ్ల నాలుగు నెలలు, కాబట్టి సబ్ జైలుకు రిమాండ్. మెమోలో మాత్రం 14-08-2006 ఉంది. అంటే ఆ రోజుకు పదిహేడేళ్ల తొమ్మిది నెలలే. మెమో, స్కూలు అడ్మిషన్ రిజిస్టరు నకలు జతచేసి 9వ సెక్షన్ కింద పిటిషన్ వేశాం. మేజిస్ట్రేట్ విచారించి కేసును బోర్డుకు పంపారు.

అక్కడ బోను లేదు, బేడీలు లేవు. బల్లకు అటువైపు మేజిస్ట్రేటుతో పాటు ఇద్దరు సామాజిక కార్యకర్తలు. "చదువు ఎప్పుడు మానేశావు? ఎవరితో తిరుగుతున్నావు?" అని అడిగారు. ప్రొబేషన్ ఆఫీసర్ ఇంటికి వెళ్లి వచ్చి రిపోర్టు ఇచ్చాడు. చివరికి కౌన్సెలింగ్, తండ్రి పూచీ మీద ప్రొబేషన్, ఐటీఐలో చేరాలన్న షరతు. వాడు చేరాడు. సబ్ జైల్లో పోయిన వారాలను మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వలేకపోయారు.

మిగతావి క్లుప్తంగా. నాన్ బెయిలబుల్ సెక్షన్ అయితే బెయిల్ రాదన్న మాట పిల్లలకు వర్తించదు. బయటికి వస్తే నేరగాళ్ల చేతిలో పడతాడనో, వాడికే ప్రమాదమనో, న్యాయానికి భంగమనో బోర్డు కారణం రాసి మాత్రమే నిరాకరించాలి. పదహారు దాటినవాళ్లందరినీ పెద్దవాళ్లలా విచారిస్తారన్నదీ ఉత్త పుకారే. కనీస శిక్ష ఏడేళ్లు, ఆపైన ఉన్న నేరాల్లోనే ఆ ప్రశ్న వస్తుంది, అదీ బోర్డు ప్రాథమిక అంచనా వేశాకే.

టెన్షన్‌లో ఉన్న తల్లిదండ్రులకు ఒకటే చెప్తాను. కేసు అనగానే ముందు స్కూలుకు వెళ్లి సర్టిఫికెట్ తెచ్చుకోండి. ఆలస్యమైందని వదిలేయకండి. నేరం నాటికి మైనర్‌నని ఏ కోర్టులోనైనా, ఏ దశలోనైనా, తుది తీర్పు వచ్చాక కూడా అడగవచ్చు.