‘వచ్చేసింది’ అనిపిస్తే వచ్చినట్టేనా? మెటాకాగ్నిషన్ మీద అపోహలు - వాస్తవాలు

ఇంటర్ రెండో ఏడాది పిల్లల్ని ఏ చాప్టర్ గురించి అడిగినా సాధారణంగా వచ్చే జవాబు “అయిపోయింది సార్”. చదవడం అయిపోయిందా, రావడం అయిపోయిందా అన్నది వాళ్లకే తేలదు. ఆ తేడా తేల్చుకునే అలవాటునే మెటాకాగ్నిషన్ అంటారు. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ ఫ్లావెల్ 1970ల్లో ఈ మాటను వాడుకలోకి తెచ్చాడు. ఇందులో ఉన్నవి మూడు పనులే: ముందు ఏం రావాలో అనుకోవడం, వచ్చిందో లేదో చూసుకోవడం, రాకపోతే చదివే తీరు మార్చడం. మూడింటిలో ఎక్కువగా దెబ్బతినేది రెండోది. అందుకే ఇక్కడ దాని గురించే ఎక్కువ చెబుతున్నాం.

అపోహ: చదువుతున్నప్పుడు సాఫీగా అర్థమవుతోందంటే వచ్చినట్టే.

సాఫీగా సాగడం అనేది ఆ పేజీ మనకు అలవాటైందని చెబుతుంది, అంతే. రెండోసారి చదివేటప్పుడు వాక్యం ఎక్కడికి వెళ్తుందో ముందే తెలుస్తుంది కాబట్టి కన్ను ఆగదు. కన్ను ఆగకపోతే ‘ఇది నాకు తెలుసు’ అనిపిస్తుంది. పరీక్షలో మాత్రం ఎదురుగా పేజీ ఉండదు. చూసి గుర్తుపట్టడం వేరు, చూడకుండా బయటికి తీయడం వేరు.

రోడిగర్, కార్పికే 2006లో ప్రచురించిన ప్రయోగం దీన్ని బాగా చూపిస్తుంది. కాలేజీ విద్యార్థులకు చిన్న వ్యాసం ఇచ్చారు. ఒక బృందం దాన్ని నాలుగు విడతలు చదివింది. మరో బృందం ఒక్క విడతే చదివి, మిగతా మూడు విడతల్లో చూడకుండా గుర్తున్నంత రాసింది. 5 నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివినవాళ్లదే పైచేయి: 83 శాతం, 71 శాతం. వారం తర్వాత పెడితే తారుమారైంది. చదివినవాళ్లకు 40 శాతం, రాసినవాళ్లకు 61 శాతం గుర్తుంది. అసలు గమనించాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. వారం తర్వాత బాగా గుర్తుంటుందని ఎక్కువ ధీమాగా చెప్పింది పదేపదే చదివిన బృందమే.

అపోహ: చదవగానే పుస్తకం మూసి అప్పజెప్పుకుంటే సరిపోతుంది.

సగమే నిజం. పుస్తకం మూయడం మంచిదే, ‘వెంటనే’ అన్నదే ఇబ్బంది. అప్పుడే చదివింది ఇంకా నోటి చివర ఉంటుంది, అడగ్గానే వచ్చేస్తుంది. అది రేపటికి నిలుస్తుందో లేదో ఆ క్షణంలో చెప్పడం కష్టం.

నెల్సన్, డన్‌లాస్కీ 1991లో ఇదే కొలిచారు. జంట పదాలు నేర్పి, ఒక్కో జంట తర్వాత గుర్తొస్తుందో లేదో ముందే చెప్పమన్నారు. నేర్చిన వెంటనే చెప్పిన అంచనాకూ అసలు ఫలితానికీ పొంతన 0.38. కొంత వ్యవధి ఇచ్చి అడిగితే 0.90. ఈ కొలతలో 0 అంటే గుడ్డి ఊహ, 1 అంటే ఒక్క చోట కూడా తప్పని అంచనా. మనుషులు వాళ్లే, పదాలు అలాంటివే. మారిందల్లా అడిగిన సమయం.

వాళ్లే తర్వాత చేసిన ఇంకో ప్రయోగంలో ఒక మెలిక బయటపడింది. జంటలో మొదటి పదం మాత్రమే చూపి అడిగినప్పుడే ఈ లాభం వచ్చింది. రెండు పదాలూ చూపించి ‘గుర్తొస్తుందా?’ అంటే వ్యవధి ఇచ్చినా అంచనా బాగుపడలేదు. ఇంట్లో దీన్ని ఎలా పాటించాలంటే, ప్రశ్న కనబడాలి, జవాబు కనబడకూడదు. నోట్సు తెరిచి పెట్టుకుని హైలైటర్ గీతల మీద కళ్లు పోనిస్తే అది తనిఖీ కిందకు రాదు. పొద్దున చదివిన పాఠానికి సాయంత్రం, సాయంత్రం చదివినదానికి మర్నాడు పొద్దున ఖాళీ కాగితం ముందు కూర్చుంటే చాలు. అంత వీలు లేకపోతే మధ్యలో ఇంకో సబ్జెక్టు అరగంట చదివి రావాలి.

అపోహ: జవాబు చూస్తే నా తప్పు నాకే తెలుస్తుంది.

తెలియకపోవడమే ఎక్కువ. రాసిన జవాబును పుస్తకంలోదానితో పోల్చేటప్పుడు మనం మనకే ఉదారంగా మార్కులు వేసుకుంటాం. ‘భావం అదే కదా’ అని టిక్కు పెట్టేస్తాం. ఓమ్ నియమం తీసుకోండి. “విద్యుత్ ప్రవాహం పొటెన్షియల్ భేదానికి అనులోమానుపాతంలో ఉంటుంది” అని రాసినవాడు తనకు పూర్తి మార్కులు వేసుకుంటాడు. ‘స్థిర ఉష్ణోగ్రత వద్ద’ అన్న ముక్క జారిపోయిందని చూడడు. బల్బు ఫిలమెంటు వేడెక్కినకొద్దీ గ్రాఫ్ ఎందుకు వంగుతుందని అడిగితే మాత్రం ఆగిపోతాడు.

దీనికి మందు, పోల్చేముందు పుస్తకంలోని జవాబును ముక్కలు చేయడం. ఓమ్ నియమంలో నాలుగు ముక్కలున్నాయి: స్థిర ఉష్ణోగ్రత, వాహకంలో ప్రవాహం, దాని కొనల మధ్య పొటెన్షియల్ భేదం, అనులోమానుపాతం. ఒక్కో ముక్కను వేలుపెట్టి చూపిస్తూ ‘ఇది నా కాగితం మీద ఉందా?’ అని చూడాలి. ఉంటే 1, లేకపోతే 0. అరమార్కులు వద్దు. ఇంత చేసినా ఉదారత పూర్తిగా పోదు. అందుకే కష్టమైన చాప్టర్లకు కాగితాన్ని పక్కవాడి చేతికిచ్చి దిద్దించడం మేలు. పక్కవాడు మనమీద అంత దయ చూపడు!

అపోహ: తప్పు వస్తే చాప్టర్ మళ్లీ మొదటి నుంచి చదవాలి.

మా దృష్టిలో అన్నిటికంటే ఎక్కువ గంటలు తినేసే అపోహ ఇదే. కెపాసిటర్ మధ్యలో రోధకం పలక పెట్టే లెక్కతో వివరంగా చూద్దాం.

ముందుగా ప్రణాళిక. ‘కెపాసిటర్లు పూర్తి చేయాలి’ అనేది ప్రణాళిక కాదు, ఎందుకంటే పూర్తయిందో లేదో దానితో కొలవలేం. ‘పలక పెట్టాక ఆవేశం, పొటెన్షియల్, శక్తి ఎలా మారతాయో పుస్తకం లేకుండా, బ్యాటరీ ఉంచినప్పుడూ తీసేసినప్పుడూ లెక్కకట్టగలగాలి’ అని రాసుకుంటే తనిఖీ ప్రశ్న దానంతటదే తయారవుతుంది. పక్కనే ‘ఇప్పుడు చేస్తే 10కి ఎన్ని వస్తాయి?’ అని ఒక అంకె వేయాలి. మన విద్యార్థి 8 వేశాడనుకుందాం.

సాయంత్రం తనిఖీ. 2 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌ను 100 వోల్టులకు ఛార్జి చేసి, బ్యాటరీ తీసేసి, రోధక స్థిరాంకం 5 ఉన్న పలకను పూర్తిగా లోపలికి జరిపితే శక్తి ఎంత? మొదట ఉన్న శక్తి 0.01 జౌల్ అని సరిగ్గానే కట్టాడు. కెపాసిటన్స్ 5 రెట్లై 10 మైక్రోఫారడ్లవుతుంది కాబట్టి `U = ½CV²` ప్రకారం 0.05 జౌల్ అని రాశాడు. అసలు జవాబు 0.002 జౌల్. బ్యాటరీ లేదు కాబట్టి ఆవేశం 200 మైక్రోకూలుంబులుగా అలాగే ఉంటుంది, పొటెన్షియల్ 20 వోల్టులకు పడిపోతుంది. అతను రాసిన 0.05 బ్యాటరీ కలిపి ఉంచినప్పటి జవాబు.

ఇప్పుడు తప్పు ఎక్కడుందో చూడాలి. అతనికి సూత్రం వచ్చు, కెపాసిటన్స్ పెరుగుతుందనీ తెలుసు, గుణకారంలోనూ పొరపాటు లేదు. ‘ఇక్కడ ఏది మారకుండా ఉంది?’ అన్న ప్రశ్నే అతను వేసుకోలేదు. చాప్టర్ మళ్లీ చదివితే ఆ సూత్రాలే మళ్లీ కనబడతాయి, ‘ఇది తెలిసిందే’ అనిపిస్తుంది, తప్పు ఉన్నచోటే ఉంటుంది.

దీనికి తగిన సవరణ చిన్నది. బ్యాటరీ ఉన్నవీ లేనివీ కలగలిపి ఆరు లెక్కలు తీసుకుని, వాటిని చేయకుండా, ఒక్కోదాని పక్కన ‘Q స్థిరం’ లేదా ‘V స్థిరం’ అని మాత్రమే రాయాలి. పది నిమిషాల పని. తర్వాత వాటిలో రెండు పూర్తిగా చేయాలి. ఆపైన ఒక ‘ఎందుకు’ ప్రశ్న వేసుకోవాలి: తగ్గిన 0.008 జౌల్ ఎటు పోయింది? పలకను కెపాసిటర్ తనే లోపలికి లాగుతుంది, ఆ పని కింద ఖర్చయింది. ఇది చెప్పగలిగితే మొదటి నుంచి చివరి దాకా అర్థమైందన్నమాట. మర్నాడు కొత్త అంకెలతో ఇంకో లెక్క చేసి చూడాలి, నిన్నటి లెక్కే చేస్తే జవాబు గుర్తుండి వచ్చేస్తుంది.

తప్పు రకాన్ని బట్టి మందు మారుతుంది. సూత్రమే గుర్తు రాకపోతే, చూడకుండా రాయడం రెండు మూడు రోజులు వ్యవధి ఇచ్చి చేయాలి. ప్రమాణాలు మార్చడంలో తప్పితే మైక్రో, నానో, పికోల అభ్యాసం విడిగా చేయాలి. వివరణలో ఒక మెట్టు అర్థం కాలేదని తేలితే, అప్పుడు మాత్రమే పుస్తకం తెరవాలి, అదీ ఆ పేరా వరకే. రాసుకున్న 8కీ వచ్చిన మార్కుకూ తేడా ఏ చాప్టర్లలో ఎక్కువగా ఉందో నోటుబుక్కు చివరి పేజీలో గుర్తుపెట్టుకుంటే, నెల తిరిగేసరికి మన ధీమా ఎక్కడ అబద్ధమాడుతోందో బయటపడుతుంది.

అపోహ: ప్రతి వాక్యానికీ ఆగి ‘అర్థమైందా?’ అనుకోవాలి.

వద్దు. పూర్తిగా కొత్త పాఠంలో మొదటి చదువుకే బుర్ర నిండిపోతుంది. మధ్యలో తనిఖీ కూడా పెడితే రెండూ చెడతాయి. పైగా ఆ ప్రశ్నకు ‘ఆఁ, అయింది’ అని చెప్పేసుకోవడం చాలా సులువు. మొదటిసారి సబ్‌హెడింగు చివరి దాకా ఆగకుండా చదవండి. తర్వాత తనిఖీ ప్రశ్న వేయండి, అవును-కాదు అని తప్పించుకోలేని ప్రశ్న అయి ఉండాలి.

అపోహ: పరీక్షలో మొదట తట్టిన జవాబును మార్చకూడదు.

క్రూగర్, విర్ట్జ్, మిల్లర్ 2005లో జవాబు పత్రాల మీది చెరిపివేతలు లెక్కపెట్టారు. తప్పు నుంచి ఒప్పుకు మారినవి దాదాపు సగం, ఒప్పు నుంచి తప్పుకు మారినవి పావు వంతు. అయినా మార్చి పోగొట్టుకున్న మార్కు జ్ఞాపకాల్లో ముల్లులా గుచ్చుకుంటుంది, మార్చి తెచ్చుకున్నది గుర్తుండదు.

అలాగని ఊరికే మార్చమని కాదు. ప్రశ్న చేసిన క్షణంలోనే ఎంత నమ్మకంగా ఉందో గుర్తు పెట్టడం మేలు, చివర్లో కంగారులో వేసే అంచనా కంటే అదే పనికొస్తుంది. రఫ్ పేపర్ మీద ప్రశ్న సంఖ్య పక్కన గట్టిగా తెలిస్తే గీత, ఊహ అయితే చుక్క. మిగిలిన సమయమంతా చుక్కలకే. జేఈఈ మెయిన్ స్క్రీన్ మీద దీనికి Save & Mark for Review బటన్ ఉంది. దాన్ని నొక్కితే జవాబు సేవ్ అవుతుంది, మళ్లీ చూడకపోయినా మూల్యాంకనంలో లెక్కలోకి వస్తుంది. జవాబు ఎంచుకోకుండా రివ్యూకి పెట్టిన ప్రశ్న మాత్రం ఖాళీగా వదిలినట్టే.