బాత్రూం కప్పు కారుతోందని ఇంటి యజమానికి రాసే ఉత్తరం: అపోహలు - వాస్తవాలు

అద్దె తగాదాలు చూసే న్యాయవాదిని. కారే కప్పుల గొడవ నా దగ్గరకు వచ్చేసరికి సాధారణంగా పెచ్చులు రాలిపోయి ఉంటాయి, ఉత్తరం మాత్రం ఉండదు.

అపోహ: ఫోనులో చెప్పాం కదా, ఉత్తరం ఎందుకు?

1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 108వ సెక్షన్ ప్రకారం, యజమాని చేయించాల్సిన మరమ్మతును నోటీసు అందాక తగిన గడువులో చేయించకపోతే, అద్దెదారు తానే చేయించి ఆ ఖర్చును అద్దెలో మినహాయించుకోవచ్చు. అంటే లెక్క మొదలయ్యేది నోటీసు నుంచే. ఒప్పందంలో వేరే షరతు ఉంటే అదే చెల్లుతుంది కాబట్టి ముందు దాన్ని తీసి చదవండి.

అపోహ: ‘రెండు వారాలుగా కారుతోంది, బాగు చేయించగలరు’ అని రాస్తే చాలు.

ఒక అద్దెదారు సరిగ్గా ఇలాగే రాశారు. ‘వానాకాలం చెమ్మ, అదే ఆరిపోతుంది’ అని జవాబు వచ్చింది. ఇద్దరం కూర్చుని మళ్లీ రాశాం:

‘జూన్ 8న గీజరు పైన అరచేతి అంత మరక చూశాను, ఆ రోజే ఫోనులో చెప్పాను. 21 నాటికి అది రెండు అడుగులైంది, పెచ్చులు రాలాయి. 24, 25, 26 తేదీల్లో ఉదయం 7 నుంచి 8:30 వరకే చుక్కలు పడ్డాయి. ఆ మూడు రోజులూ వాన లేదు.’

చివరి వాక్యంతో వాన సాకు పోయింది. వేళలు ఇంకో సంగతి చెబుతున్నాయి. నీళ్ల పైపు పగిలితే సాధారణంగా రాత్రీ పగలూ కారుతుంది. పై ఇంటివాళ్లు స్నానం చేసేటప్పుడే కారితే అనుమానం వాళ్ల నేల మీదికి, మురుగు పైపు అతుకుల మీదికి పోతుంది. అయినా ఉత్తరంలో ఆ తీర్పు రాయలేదు, చూసిందే రాశాం. గీజరు మీద నీళ్లు పడుతున్నాయనీ, దాని స్విచ్చి ఆపేశామనీ కూడా చేర్చాం.

అపోహ: ఫొటోలు జత చేస్తే అవే మాట్లాడతాయి.

మరక ఒక్కదాన్నే దగ్గర నుంచి తీస్తే అది ఎవరి కప్పో తెలియదు. అందుకే ఉత్తరంలోనే ఇలా వివరించాం: ‘ఫొటో 1: జూన్ 21, గుమ్మం నుంచి, గీజరూ కప్పూ కలిసి కనిపిస్తాయి. ఫొటో 2: అదే రోజు, మరక పక్కన కొలత టేపు. ఫొటో 3: జూన్ 26, 8:30కి, కింద పెట్టిన బకెట్‌లో చేరిన నీళ్లు.’ వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటోలో, తీసిన సమయం వివరాలు పోతాయి. అసలు ఫైళ్లను ఫోనులో అలాగే ఉంచండి.

అపోహ: స్పందించకపోతే అద్దె ఆపేయవచ్చు.

ఇదే అన్నిటికన్నా ప్రమాదం. అద్దె నియంత్రణ చట్టం కింద, కావాలని అద్దె ఎగ్గొట్టడం ఖాళీ చేయించడానికి ఒక కారణం. ఖర్చు మినహాయించుకోవాలన్నా నోటీసు, గడువు, బిల్లు ఉండాలి. మిగిలిన అద్దె బ్యాంకు ద్వారా వేళకు చేరాలి.

పై ఫ్లాటు వేరొకరిది, అక్కడే అడగండి అని ఈ యజమాని అన్నారు. ఒప్పందం మీతోనే కాబట్టి వాళ్లతో మీరే మాట్లాడాలని బదులిచ్చాం. ఉత్తరంలో ఇచ్చిన పది రోజుల గడువులో తొమ్మిదో రోజున ప్లంబరు వచ్చాడు, అదీ ఉదయం ఏడింటికే.